వదులుకున్న ఆప్షన్లకు 492 కోట్ల ఖర్చు

పేటీఎం వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ 2025 ఏప్రిల్‌లో తన పేరిట ఉన్న 2.1 కోట్ల స్టాక్ ఆప్షన్లను స్వచ్ఛందంగా వదులుకున్నారు. అధిపతి కోట్ల ఆప్షన్లు వద్దన్నాడంటే కంపెనీకి ఆ మేరకు భారం తగ్గాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. మరుసటి నెలలో జనవరి-మార్చి త్రైమాసిక ఫలితాలు వచ్చాయి. ఈ వదులుకోవడం వల్లనే ఆ త్రైమాసికం లెక్కల్లో 492 కోట్ల రూపాయల ఖర్చు కొత్తగా వచ్చి చేరింది. నష్టం సుమారు 540 కోట్లకు చేరింది. అందులో అత్యధిక భాగం ఈ ఒక్క పద్దు వల్ల వచ్చిందే.

ఆ 492 కోట్లలో ఒక్క రూపాయి కూడా కంపెనీ బ్యాంకు ఖాతా దాటి బయటికి పోలేదు. ఆప్షన్లు ఇచ్చిన రోజునా పోలేదు, వెనక్కి వచ్చిన రోజునా పోలేదు. అయినా అది ఖర్చే అంటుంది అకౌంటింగ్ ప్రమాణం. ఇది లెక్కల వాళ్ల మొండితనంలా కనిపిస్తుంది కానీ, దీని వెనుక ముప్పై ఏళ్ల తగాదా ఉంది. ఆ తగాదాలో లెక్కల వాళ్లదే న్యాయమైన వాదన.

ఉద్యోగికి ఇచ్చే స్టాక్ ఆప్షన్ అంటే షేరు కాదు, షేరు కొనుక్కునే హక్కు. హైదరాబాద్‌లో ఐటీ, స్టార్టప్ ఉద్యోగాల ఆఫర్ లెటర్లలో కనిపించే ఈసాప్ ఇదే. ఫలానా ధరకు, ఫలానా గడువు లోపల, ఇన్ని షేర్లు కొనుక్కోవచ్చని కంపెనీ రాసిస్తుంది. ఆ ధరను ఎక్సర్‌సైజ్ ధర అంటారు. హక్కు చేతికి రావాలంటే ఉద్యోగి కొన్నేళ్లు పని చేయాలి. దాన్ని వెస్టింగ్ అంటారు. మన దేశంలో లిస్టయిన కంపెనీలకు సెబీ పెట్టిన నిబంధన ప్రకారం ఆప్షన్ ఇచ్చిన నాటికీ, వెస్టయ్యే నాటికీ మధ్య కనీసం ఏడాది ఉండాలి. ఆ తర్వాత షేరు ధర పెరిగి ఉంటే ఉద్యోగి పాత ధర కట్టి షేరు తీసుకుంటాడు. పడిపోయి ఉంటే ఊరుకుంటాడు. లాభం వస్తే తనది, రాకపోతే పోయేదేమీ లేదు. ఇలాంటి ఏకపక్షపు హక్కుకు బజారులో ఎప్పుడూ ఒక ధర ఉంటుంది. స్టాక్ ఎక్స్ఛేంజీల్లో రోజూ ఆప్షన్లు డబ్బులకే అమ్ముడుపోతున్నాయి.

పూర్వం పల్లెల్లో కూలి గింజల రూపంలో కొలిచి ఇచ్చేవారు. రైతు చేతి నుంచి డబ్బు కదలలేదు కాబట్టి కోతకు ఖర్చేమీ కాలేదని ఏ రైతూ అనుకోలేదు. ఆ గింజలు సంతలో అమ్మితే డబ్బు వచ్చేదే. ఆప్షన్ సంగతీ అంతే. కంపెనీ అదే హక్కును బయటి మదుపరికి అమ్మి, వచ్చిన డబ్బుతో ఉద్యోగికి జీతం ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు ఆ జీతం ఖర్చు కాదని ఎవరూ అనరు. రెండు అడుగులను కలిపి ఒక్క అడుగులో వేసినంత మాత్రాన ఖర్చు మాయమైపోదు. అది పడేది ఇప్పటికే షేర్లు ఉన్న వాటాదారుల మీద. రేపటి లాభాల్లో, రేపటి ధర పెరుగుదలలో ఒక ముక్కను వాళ్లు ఈ రోజే ఉద్యోగులకు రాసిచ్చారు. దానికి ప్రతిఫలంగా కంపెనీ పొందింది పని. ఆ పని జరిగిన ఏడాదే లాభనష్టాల ఖాతాలో దాని ఖరీదు కనిపించాలన్నది అసలు సూత్రం.

ఇంత సూటిగా ఉన్న సూత్రాన్ని అమెరికా కంపెనీలు పదేళ్లకు పైగా అడ్డుకున్నాయి.

అక్కడ 1972లో వచ్చిన పాత నియమం ఒకటి ఉండేది. ఆప్షన్ ఇచ్చిన రోజున షేరు మార్కెట్ ధరకూ, ఎక్సర్‌సైజ్ ధరకూ తేడా ఎంతో అంతే ఖర్చు అని ఆ నియమం చెప్పేది. షేరు ధర 100 ఉన్న రోజున 100 రూపాయలకు కొనుక్కునే హక్కు ఇస్తే తేడా సున్నా, కాబట్టి ఖర్చూ సున్నా. పదేళ్ల పాటు చెల్లే హక్కును ఉచితంగా ఇచ్చి, దాని విలువ సున్నా అని రాసుకోవచ్చన్నమాట. ఆ నియమం వచ్చిన మరుసటి ఏడాదే, 1973లో, ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ కలిసి ఆప్షన్‌కు వెల కట్టే సూత్రాన్ని ప్రచురించారు. మార్కెట్లు దాన్ని వెంటనే వాడుకలోకి తెచ్చుకున్నాయి. అకౌంటింగ్ మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయింది. సిలికాన్ వ్యాలీ కంపెనీలకు అది ఎంతో అచ్చివచ్చింది. జీతాలు తక్కువిచ్చి, ఆప్షన్లు గుమ్మరించి, లాభం మాత్రం నిండుగా చూపించుకునే వీలు దొరికింది.

అమెరికాలో లెక్కల నియమాలు రాసే సంస్థ ఎఫ్ఏఎస్‌బీ 1993లో ఈ తప్పును సరిదిద్దబోయింది. ఆప్షన్ అసలు విలువను ఖర్చుగా చూపాలని ముసాయిదా తెచ్చింది. 1994 మార్చిలో సిలికాన్ వ్యాలీ ఉద్యోగులు, అధికారులు శాన్ హోసేలో దానికి వ్యతిరేకంగా ర్యాలీ తీశారు. అకౌంటింగ్ నియమం మీద ఊరేగింపు జరగడం లోకంలో అరుదైన సంగతే. మే నెలలో అమెరికన్ సెనేట్ సెనేటర్ జోసెఫ్ లీబర్‌మన్ చొరవతో 88-9 ఓట్ల తేడాతో ముసాయిదాను ఖండిస్తూ తీర్మానం చేసింది. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ అధ్యక్షుడు ఆర్థర్ లెవిట్ కూడా వెనక్కి తగ్గమని ఎఫ్ఏఎస్‌బీకి నచ్చజెప్పారు. తన పదవీకాలంలో చేసిన పెద్ద పొరపాటు అదేనని ఆయన తర్వాత ఒప్పుకున్నారు. చివరికి 1995లో వచ్చిన నియమం ఖర్చు చూపమని సిఫారసు చేసి, ఇష్టం లేకపోతే అడుగున నోట్‌లో రాస్తే చాలంది. పెద్ద కంపెనీల్లో సిఫారసును పాటించినవాటిలో చెప్పుకోదగ్గవి బోయింగ్, విన్-డిక్సీ అనే సూపర్‌మార్కెట్ల సంస్థ మాత్రమే. మిగతా వాళ్లంతా నోట్ దారే పట్టారు.

పెట్టుబడిదారుల్లో ఈ తీరును బాహాటంగా ఎగతాళి చేసినవాడు వారెన్ బఫెట్. ఆప్షన్లు జీతం కాకపోతే మరేమిటి, జీతం ఖర్చు కాకపోతే మరేమిటి, ఖర్చును లాభం లెక్కలో కాక ఇంకెక్కడ చూపుతారు అన్న అర్థంలో ఆయన వాటాదారులకు రాసిన లేఖల్లో నిలదీశారు. 2001 చివర్లో ఎన్‌రాన్ కుప్పకూలింది. కంపెనీ లాభాల అంకెల మీద జనానికి నమ్మకం పోయింది. బఫెట్ డైరెక్టరుగా ఉన్న కోకా-కోలా 2002 జులైలో తనంత తానే ఆప్షన్లను ఖర్చుగా చూపుతానని ప్రకటించింది. వెంటనే మరికొన్ని కంపెనీలు అదే బాట పట్టాయి. 2004 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 2 వచ్చింది. అమెరికా ప్రతినిధుల సభ అదే ఏడాది జులైలో 312-111 ఓట్లతో మరోసారి అడ్డుపడింది. సెనేట్ మాత్రం ఆ బిల్లును పైకెత్తలేదు. డిసెంబరులో ఎఫ్ఏఎస్‌బీ తుది నియమం జారీ చేసింది.

పాత సున్నా నియమం తెచ్చిన చెడు తర్వాతి ఏళ్లలో బయటపడింది. ఖర్చు సున్నా కావాలంటే ఎక్సర్‌సైజ్ ధర ఆ రోజు మార్కెట్ ధరకు సమానంగా ఉండాలి. మరి ఆ 'రోజు'ను వెనక్కి జరిపితే? అయోవా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఎరిక్ లీ 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఒక వింత కనిపించింది. ఆప్షన్లు ఇచ్చిన తేదీలు చాలా కంపెనీల్లో సరిగ్గా షేరు ధర బాగా పడిపోయిన రోజుల్లోనే ఉన్నాయి. ఆ తర్వాత ధర లేచింది. పదేపదే అంత అదృష్టం ఎవరికీ పట్టదు. గడిచిపోయిన క్యాలెండరులో చవకైన రోజు చూసుకుని, ఆ తేదీ వేసి కాగితాలు తయారు చేసిన ఉదంతాలు దర్యాప్తుల్లో బయటికొచ్చాయి. ఎన్నో కంపెనీలు పాత ఏళ్ల లాభాలను తగ్గించి తిరగరాసుకోవాల్సి వచ్చింది. అసలు విలువను ఖర్చుగా చూపే పద్ధతిలో ఈ కిటుకుకు పెద్దగా పని ఉండదు. ధర సమానంగా ఉన్నా, తక్కువగా ఉన్నా ఖర్చు ఎలాగూ పడుతుంది.

మన దేశానికి ఈ కథ ఆలస్యంగా, చప్పుడు లేకుండా వచ్చింది. సెబీ 1999లో ఈసాప్ మార్గదర్శకాలు తెచ్చింది. పాత తేడా పద్ధతినైనా, అసలు విలువ పద్ధతినైనా కంపెనీలు ఎంచుకోవచ్చంది. ఏది ఎంచుకున్నారో ఊహించడం కష్టమేమీ కాదు. రెండో పద్ధతి పెద్ద కంపెనీలకు తప్పనిసరైంది 2016 ఏప్రిల్ 1 నుంచి, ఇండ్ ఏఎస్ 102 అనే ప్రమాణంతో.

రెండు పద్ధతుల తేడా హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పథకంలో చక్కగా కనిపిస్తుంది. 2002 నాటి ఆ పథకంలో రెండు రకాల ఆప్షన్లు ఉన్నాయి. ఒక రకం మార్కెట్ ధరకు ఇచ్చేది. ఇంకో రకం షేరు ముఖ విలువకు, అంటే అప్పట్లో 5 రూపాయలకు ఇచ్చేది. పాత పద్ధతిలో చూస్తే మొదటి రకానికి ఖర్చు సున్నా, రెండో రకానికి దాదాపు షేరు పూర్తి ధరంతా ఖర్చు. కొత్త పద్ధతిలో రెండింటికీ ఖర్చుంది. ముఖ విలువకు ఇచ్చే ఆప్షన్ ఒక రకంగా షేరునే చేతిలో పెట్టినట్టు. దానికి సూత్రాలతో పని లేదు, లెక్క కళ్లకే తెలుస్తుంది. చిక్కంతా మార్కెట్ ధరకు ఇచ్చే ఆప్షన్‌తోనే.

దాని విలువ ఎలా తేలుస్తారు? ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. షేరు ధర 100 రూపాయలు, ఎక్సర్‌సైజ్ ధరా 100. డివిడెండ్ లేదు. ఉద్యోగులు సగటున నాలుగేళ్లలో ఆప్షన్ వాడుకుంటారని అంచనా. ప్రభుత్వ బాండ్ల వడ్డీ 7 శాతం. ఇక మిగిలింది షేరు ఏడాదిలో ఎంతగా ఎగిరిపడుతుందన్న అంచనా. దాన్ని వొలటాలిటీ అంటారు. అది 40 శాతం అనుకుంటే బ్లాక్-షోల్స్ సూత్రం ఆప్షన్ విలువ సుమారు 41 రూపాయలని చెబుతుంది. నిలకడైన కంపెనీ అనుకుని 25 శాతం పెడితే 32 రూపాయలకు దిగుతుంది. గాలిపటంలాంటి షేరని 60 శాతం పెడితే 53కు ఎక్కుతుంది. కంపెనీ మారలేదు, షేరు ధర మారలేదు, ఒక్క అంచనాతో ఖర్చు అటూ ఇటూ అంతగా జరిగింది. ఆప్షన్ల ఖర్చుకు వ్యతిరేకులు ఎక్కుపెట్టే అస్త్రం ఇదే. ఇది ఊహాజనితమైన అంకె కాబట్టి లెక్కలో పెట్టకూడదంటారు. కానీ యంత్రం ఎన్నేళ్లు పనిచేస్తుందో, బాకీల్లో ఎంత మునిగిపోతుందో అన్నవీ అంచనాలే. వాటిని లెక్కలో పెట్టడం మానలేదు. 32కూ 53కూ మధ్య ఎక్కడో ఉన్న నిజాన్ని సున్నా అని రాయడం మాత్రం కచ్చితంగా తప్పు.

ఇంకో మాట. ఉద్యోగి ఆప్షన్ బజారు ఆప్షన్ లాంటిది కాదు. దాన్ని వేరొకరికి అమ్ముకోలేడు. అందుకే చాలామంది గడువు నిండేదాకా ఆగకుండా, ధర కాస్త పెరగ్గానే వాడేసుకుంటారు. కాగితం మీద పదేళ్ల గడువున్నా లెక్కలో పదేళ్లు వేయకుండా, నిజంగా ఎన్నేళ్లు అట్టిపెట్టుకుంటారో ఆ అంచనానే వేయడం ఇందుకోసమే.

ఇప్పుడు ఆ 41 రూపాయలు పుస్తకాల్లోకి ఎలా ఎక్కుతాయో చూద్దాం. మన ఊహా కంపెనీలో 100 మంది ఉద్యోగులకు తలా 1,000 చొప్పున లక్ష ఆప్షన్లు ఇచ్చారు. మూడేళ్లు పనిచేస్తే మూడో ఏడాది చివర ఒకేసారి వెస్టవుతాయి. మధ్యలో మానేసినవాళ్లకు దక్కవు. ఇచ్చిన రోజున ఖర్చేమీ రాయరు, ఎందుకంటే పని ఇంకా జరగలేదు. మొదటి ఏడాది చివర యాజమాన్యం లెక్కేసుకుంటుంది: మూడేళ్లలో 16 మంది వెళ్లిపోవచ్చు, 84 వేల ఆప్షన్లు మిగులుతాయి. వాటి విలువ 34.44 లక్షలు. అందులో మూడో వంతు, 11.48 లక్షలు ఆ ఏడాది ఖర్చు. రెండో ఏడాది ఉద్యోగాల మార్కెట్ వేడెక్కింది. పాతికమంది పోయేలా ఉన్నారు. 75 వేల ఆప్షన్లకు 30.75 లక్షలు. రెండేళ్లకు మూడింట రెండు వంతులు, 20.50 లక్షలు. మొదటి ఏడాది రాసింది తీసేస్తే రెండో ఏడాది ఖర్చు 9.02 లక్షలు. మూడో ఏడాది చివర నిజంగా మిగిలింది 79 మంది. మొత్తం 32.39 లక్షలు కావాలి కాబట్టి మిగతా 11.89 లక్షలు ఆ ఏడాది పడతాయి.

గమనిస్తే, ఎంతమంది ఉంటారన్న అంచనాను ప్రతి ఏడాదీ సరిచేశారు. 41 రూపాయలను మాత్రం ముట్టుకోలేదు. మూడేళ్లలో షేరు 300కు ఎగిరినా, 30కి పడినా ఆ 41 మారదు. బేరం కుదిరింది ఆప్షన్ ఇచ్చిన రోజున. ఆ రోజున ఇరువైపులా ఒప్పుకున్న వెల అదే. తర్వాత ధర పెరిగితే ఉద్యోగికి కలిసొచ్చింది, పడితే కలిసిరాలేదు. దానివల్ల మూడేళ్ల పని ఖరీదు మారదన్నది ప్రమాణం తీసుకున్న వైఖరి. అందువల్ల ఒక విడ్డూరం వస్తుంది. షేరు 60 దగ్గర ఆగిపోయి, ఎవరూ ఆప్షన్ వాడుకోకుండా అన్నీ మురిగిపోయినా రాసిన 32.39 లక్షల ఖర్చును తిరిగి లాభంలో కలుపుకోనివ్వరు. వెస్టింగ్ దాటాక అది చెరగని ఖర్చు.

మరి నగదు పోలేదు కదా, ఖర్చుకు ఎదురుగా ఏమి రాస్తారు? అప్పు కాదు, ఎందుకంటే కంపెనీ ఎవరికీ డబ్బు కట్టనవసరం లేదు. వాటాదారుల నిధిలోనే 'స్టాక్ ఆప్షన్ల రిజర్వు' అనే పద్దులో జమ చేస్తారు. ఒకవైపు ఖర్చు వల్ల పోగైన లాభాలు 32.39 లక్షలు తగ్గుతాయి, ఇంకోవైపు అదే మొత్తం రిజర్వులో చేరుతుంది. కంపెనీ మొత్తం నెట్‌వర్త్ ఒక్క పైసా మారదు. కొంతమంది దీన్ని చూపించే ఇదంతా ఉత్తుత్తి పద్దు అంటారు. కానీ అసలు సంగతి అందులోనే ఉంది. ఉద్యోగులు పని రూపంలో 32.39 లక్షల పెట్టుబడి తెచ్చి పెట్టారు, కంపెనీ ఆ పనిని అప్పటికప్పుడే వాడేసుకుంది. ఆ రెండు ఘటనలూ జరిగాయి కాబట్టే రెండు పద్దులు. తర్వాత ఉద్యోగి వచ్చి షేరుకు 100 రూపాయలు కట్టినప్పుడు, ఆ 100 నగదుతో పాటు రిజర్వులోని 41 కూడా కలిసి షేర్ల మూలధనంగా మారతాయి. 141 రూపాయలకు షేరు ఇచ్చినట్టు పుస్తకాలు చెబుతాయి. అందులో 41 రూపాయలు పని రూపంలో అందినవి.

షేర్ల సంఖ్య పెరిగి ఒక్కో షేరు ఆర్జన ఎలాగూ తగ్గుతుంది, దానికి తోడు ఖర్చు కూడా రాస్తే రెండుసార్లు శిక్షించినట్టు కాదా అని అడిగేవాళ్లున్నారు. ఒకటి లాభం ఎంత అని చెబుతుంది, రెండోది ఆ లాభాన్ని ఎంతమంది పంచుకుంటారో చెబుతుంది. బయటి మదుపరులకు షేర్లు అమ్మి, ఆ డబ్బుతో జీతాలిచ్చినా ఈ రెండూ జరిగేవే.

ఇంత చెప్పుకున్నాక పేటీఎం పద్దు విడిపోతుంది. శర్మకు ఆ ఆప్షన్లు వచ్చింది 2021 ఐపీఓకు ముందు. ఆ ఏడాది నవంబరులో పేటీఎం షేరును 2,150 రూపాయలకు జనానికి అమ్మింది. లిస్టయిన మొదటి రోజే ధర కుదేలైంది. 2022 ఏప్రిల్‌లో వాటాదారులకు రాసిన లేఖలో శర్మ ఒక మాట చెప్పారు. కంపెనీ మార్కెట్ విలువ ఐపీఓ స్థాయిని దాటి నిలకడగా ఉంటే తప్ప తన ఆప్షన్లు వెస్టవవని. మూడేళ్లయినా షేరు ఆ ఛాయలకు వెళ్లలేదు. అంటే చేతికి రాని, వచ్చే దారి కూడా దగ్గర్లో కనిపించని ఆప్షన్లకు కంపెనీ ఖర్చు రాసుకుంటూ పోయింది.

ఇండ్ ఏఎస్ 102లో షరతులు రెండు రకాలు. ఉద్యోగి ఇన్నేళ్లు ఉండాలి అన్న షరతు నెరవేరకపోతే ఖర్చు వెనక్కి తీసుకోవచ్చు. మన ఉదాహరణలో మానేసినవాళ్ల విషయంలో చేసింది అదే. షేరు ధర లేదా మార్కెట్ విలువ ఇంతకు చేరాలి అన్న షరతు అలా కాదు. అది చేరే అవకాశం ఎంతన్నది మొదటి రోజున వెల కట్టేటప్పుడే లెక్కలో కలిపేస్తారు. కష్టమైన షరతైతే ఆప్షన్ వెల ఆ మేరకు తగ్గుతుంది. తర్వాత షరతు నెరవేరకపోయినా, ఉద్యోగి పని చేసినంత కాలం ఆ తగ్గించిన వెల ఖర్చుగా పడుతూనే ఉండాలి. ఒకసారి వెలలో కలిపిన అనుమానాన్ని మళ్లీ ఇంకోసారి వాడుకోనివ్వరు.

వదులుకోవడం సంగతికి వస్తే, ఉద్యోగంలో కొనసాగుతూనే ఆప్షన్లు రద్దు చేసుకోవడాన్ని ప్రమాణం రాజీనామాలా చూడదు. వెస్టింగ్ ఆ రోజే పూర్తయినట్టు భావించి, మిగిలిన ఏళ్లలో పడాల్సిన ఖర్చంతా ఒక్కసారే రాయమంటుంది. 492 కోట్లు అంటే అదే. 2.1 కోట్ల ఆప్షన్లకు పంచితే ఒక్కోదానికి దాదాపు 234 రూపాయలు ఇంకా రాయకుండా మిగిలి ఉన్నాయన్నమాట. ఇది కఠినంగా అనిపిస్తుంది కానీ కారణం ఉంది. రద్దు చేస్తే ఖర్చు ఆగిపోతుందనే నియమం ఉంటే, షేరు పడిపోయిన ప్రతి కంపెనీ పనికిరాని ఆప్షన్లను రద్దు చేసి పాత ఖర్చు తుడిచేసుకుని, కొత్తగా చవక ధరకు మళ్లీ ఇచ్చేది. పేటీఎం విషయంలో రద్దు వెనుక వేరే కారణం ఉంది. ప్రమోటర్లకు ఈసాప్‌లు ఇవ్వకూడదన్న సెబీ నిబంధన ఈ ఆప్షన్లకు వర్తిస్తుందా అన్న వివాదం నడిచి, 2025లో సెటిల్‌మెంటుతో ముగిసింది. ఏ కారణంతో రద్దయినా లెక్క మాత్రం ఒకటే. ఒకేసారి భారం పడింది కాబట్టి తర్వాతి ఏళ్లలో ఆ పద్దు కంపెనీ లాభాల మీద పడదు.

కొత్త తరం కంపెనీల ఫలితాలు చదివేవాళ్లకు ఇక్కడే ఒక మెలిక ఎదురవుతుంది. 2022 అక్టోబరు-డిసెంబరు త్రైమాసికంలో పేటీఎం తొలిసారి నిర్వహణ లాభం సాధించామని ప్రకటించింది. ఆ లాభం 31 కోట్లు. అయితే దాని పూర్తి పేరు 'ఈసాప్ ఖర్చుకు ముందు ఎబిటా'. ఆ మూడు నెలల ఈసాప్ ఖర్చు సుమారు 362 కోట్లు. అన్నీ పోగా తేలిన నికర నష్టం 392 కోట్లు. కంపెనీ దాచిందేమీ లేదు, రెండు అంకెలూ ప్రకటనలోనే ఉన్నాయి. కానీ ఉద్యోగుల జీతంలో పెద్ద భాగాన్ని పక్కన పెట్టి చెప్పే లాభం ఏ ప్రశ్నకు సమాధానమో చదివేవాళ్లే తేల్చుకోవాలి. రేపు షేరు నీరసించి, ఉద్యోగులు ఆప్షన్లు వద్దు, జీతమే పెంచండి అని అడిగితే పక్కన పెట్టిన ఆ ఖర్చు నగదు జీతంగా మళ్లీ లెక్కలోకి వచ్చేస్తుంది. షేరు బాగున్నా నగదు వేరే దారిన పోవచ్చు. ఆప్షన్ల వల్ల పెరిగిన షేర్ల సంఖ్యను తగ్గించడానికి కంపెనీలు మార్కెట్‌లో సొంత షేర్లు తిరిగి కొంటాయి. ఆ డబ్బు ఏ ఏడాదీ లాభనష్టాల ఖాతాలో కనిపించదు. నగదు ప్రవాహాల పట్టికలో అడుగున ఫైనాన్సింగ్ విభాగంలో మాత్రమే ఉంటుంది.

ఇదే పట్టిక పైభాగంలో నికర లాభానికి కలుపుతూ వచ్చే 'షేరు ఆధారిత చెల్లింపుల ఖర్చు' అనే వరస ఉంటుంది. నగదు పోలేదు కాబట్టి అక్కడ కలపడం సబబే. వార్షిక నివేదికలోని నోట్లలో ఆ ఏడాది ఇచ్చిన ఆప్షన్ల వెల, అందుకు వేసుకున్న వొలటాలిటీ, అంచనా కాలం రాసి ఉంటాయి. కొత్తగా లిస్టయిన కంపెనీకి సొంత ధరల చరిత్ర ఉండదు, కాబట్టి పోలిక ఉన్న వేరే కంపెనీల అంకెలు తెచ్చుకుంటుంది. ఏ కంపెనీలను పోలికకు ఎంచుకుందన్నదాంట్లోనే వెసులుబాటు ఉంటుంది. ఎగిరిపడే షేరున్న కంపెనీ నోట్‌లో 25 శాతం వొలటాలిటీ కనిపిస్తే ఒక నిమిషం ఆగి చూడాల్సిందే.

నగదు పోని ఖర్చు ఖర్చేనా అన్న ప్రశ్న మన దేశంలో కోర్టు దాకా కూడా వెళ్లింది, అయితే ఆదాయపు పన్ను కోణం నుంచి. మార్కెట్ ధర కన్నా తక్కువకు ఉద్యోగులకు ఇచ్చిన షేర్ల తగ్గింపును వ్యాపార ఖర్చుగా చూపుతామని బెంగళూరు బయోటెక్ కంపెనీ బయోకాన్ అడిగింది. డబ్బేమీ కట్టలేదు, రావాల్సిన ప్రీమియం తగ్గింది అంతే, అది ఖర్చు కాదంది పన్నుల శాఖ. 2013లో ట్రిబ్యునల్ ప్రత్యేక బెంచి, 2020లో కర్ణాటక హైకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చాయి. ఖర్చు అంటే జేబులోంచి తీసి ఇవ్వడమొక్కటే కాదని, ఉద్యోగుల సేవ కోసం కంపెనీ తలకెత్తుకున్న భారం కూడా ఖర్చేనని తేల్చాయి. విచిత్రమేమంటే, ముప్పై ఏళ్ల కిందట శాన్ హోసేలో ర్యాలీ తీసినవాళ్లు లాభం పెద్దగా చూపుకోవడానికి ఇది ఖర్చు కాదన్నారు. పన్ను కట్టే చోట మాత్రం ఇది ఖర్చేనని నిరూపించడానికి కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి.